వాచీలో హార్ట్ రేట్ వస్తోంది, ట్రెడ్‌మిల్ మీద రావడం లేదా? ఇలా చూడండి

ఎండాకాలంలో పొద్దున ఏడు దాటితే పానగల్ చెరువు కట్ట మీద నడవలేం, అందుకని నల్లగొండలో మాలాంటి వాళ్లం ఏప్రిల్ నుంచి జిమ్‌లోకి మారిపోతాం. అక్కడ ట్రెడ్‌మిల్ ఎక్కగానే మొదట వచ్చే ప్రశ్న ఒకటే. చేతికి వాచీ ఉంది, అందులో 118 అని హార్ట్ రేట్ కనబడుతోంది, ఎదురుగా ట్రెడ్‌మిల్ డిస్‌ప్లేలో మాత్రం గుండె బొమ్మ పక్కన రెండు గీతలు తప్ప ఏమీ లేదు. ఆ అంకె అక్కడికి ఎలా తేవాలి?

తేవచ్చు. చాలా వాచీల్లో ఆ సౌకర్యం ఉంది కూడా. కానీ మొదటిసారే కనెక్ట్ అయినవాళ్లను నేను తక్కువ చూశాను. ఎక్కువమంది రెండు మూడు సార్లు ప్రయత్నించి, వాచీ బాగాలేదనో మెషీన్ పాతదనో అనుకుని వదిలేస్తారు. చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి, మధ్యలో ఇంకెవరో ఆ కనెక్షన్‌ను పట్టుకుని కూర్చుంటారు. ఆ సంగతి కిందికి వెళ్లాక వివరంగా చెప్తాను, ముందు వరుసగా చేయాల్సినవి చేద్దాం.

ముందు వాచీని పిలవనివ్వండి

మీ వాచీ ఫోన్‌కు కనెక్ట్ అయి ఉండటం వేరు, హార్ట్ రేట్ బ్రాడ్‌కాస్ట్ చేయడం వేరు. ఫోన్‌లో వాచీ కంపెనీ యాప్ ఉంటుంది కదా, అడుగులు, నిద్ర, మెసేజ్‌లు అన్నీ దానికి వెళ్లేది ఆ కంపెనీ సొంత పద్ధతిలో. ఆ కనెక్షన్ ఎంత బాగున్నా ట్రెడ్‌మిల్‌కు పనికి రాదు. బ్రాడ్‌కాస్ట్ ఆన్ చేస్తే, వాచీ ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ బెల్ట్‌లా మారి "నేను హార్ట్ రేట్ సెన్సర్‌ని, కావాల్సినవాళ్లు వినండి" అని చుట్టూ చెప్పడం మొదలుపెడుతుంది. ఇది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, బ్యాటరీ తింటుంది కాబట్టి.

ఎక్కడుంటుంది అంటే, గార్మిన్ వాచీల్లో Wrist Heart Rate అనే మెనూలో Broadcast Heart Rate అని ఉంటుంది. పోలార్ వాచీ అయితే వర్కౌట్ మొదలుపెట్టే ముందు వచ్చే చిన్న మెనూలో, ఈ సౌకర్యం ఉన్న మోడళ్లలో, Share HR with other devices అని కనిపిస్తుంది. ఫిట్‌బిట్ ఛార్జ్ 6లో HR on equipment. హువావే వాచీల సెట్టింగ్స్‌లో HR data broadcasts. మీది వేరే కంపెనీదైతే సెట్టింగ్స్‌లో broadcast, share, push అనే మాటలున్న చోట వెతకండి, హార్ట్ రేట్ మెనూలో లేకపోతే వర్కౌట్ మెనూలో ఉంటుంది.

ఆపిల్ వాచ్ ఉన్నవాళ్లకు విడిగా చెప్పాలి. అందులో ఇలాంటి బ్రాడ్‌కాస్ట్ బటన్ లేదు. ఆపిల్ వాచ్‌తో కలవడానికి ఆపిల్ చేసిన జిమ్‌కిట్ ఉన్న ట్రెడ్‌మిల్ అయితే వాచీని దాని గుర్తు దగ్గర పెడితే కలుస్తుంది, కానీ అలాంటి మెషీన్ మన ఊళ్ల జిమ్‌లలో నాకు కనిపించలేదు. లేదంటే హార్ట్‌కాస్ట్ లాంటి యాప్ వేసుకోవాలి. వాచీ నుంచి అంకె ఐఫోన్‌కు వస్తుంది, ఐఫోన్ దాన్ని బ్లూటూత్‌లో బయటకు వదులుతుంది. అప్పుడు ట్రెడ్‌మిల్‌కు కనిపించేది వాచీ కాదు, మీ ఫోన్. ఫోన్ లాకర్‌లో పెట్టి వస్తే పని జరగదు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కొన్ని వాచీల్లో బ్రాడ్‌కాస్ట్ అనేది ఒక స్క్రీన్. ఆ స్క్రీన్ ఉన్నంతసేపే నడుస్తుంది. మీరు దాన్ని ఆన్ చేసి, తర్వాత వాచీలో కూడా వర్కౌట్ రికార్డ్ కావాలని వెనక్కి వెళ్లి రన్నింగ్ మొదలుపెడతారు, అంతే, బ్రాడ్‌కాస్ట్ ఆగిపోతుంది. రెండూ కావాలంటే గార్మిన్‌లో Broadcast During Activity అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే వర్కౌట్ మొదలైనప్పుడల్లా తనంతట తనే బ్రాడ్‌కాస్ట్ మొదలవుతుంది. రోజూ జిమ్‌కు వెళ్లేవాళ్లు దీన్ని ఆన్ చేసి పెట్టుకోవడమే మంచిది.

ట్రెడ్‌మిల్‌కు ఏది వినబడుతుంది

వాచీ మాట్లాడితే సరిపోదు, అవతలి మెషీన్‌కు ఆ భాష రావాలి. జిమ్ మెషీన్లలో మూడు రకాలు చూస్తాం.

పాత ట్రెడ్‌మిల్‌లలో హార్ట్ రేట్ రిసీవర్ 5 కిలోహెర్ట్జ్ అనే పాత రేడియో పద్ధతిలో పనిచేస్తుంది. ఇది ఛాతీ బెల్టుల కోసం పెట్టింది. చేతి వాచీలు ఆ పద్ధతిలో పంపవు, మీరు ఏ సెట్టింగ్ మార్చినా రాదు. అలాంటి మెషీన్ మీదే అంకె కావాలంటే పోలార్ H9 గానీ H10 గానీ కట్టుకోవాలి, అవి బ్లూటూత్‌తో పాటు ఆ పాత సిగ్నల్ కూడా పంపుతాయి. రెండోది ANT+ అనే రేడియో పద్ధతి. పెద్ద కంపెనీల కమర్షియల్ మెషీన్లలో ఉంటుంది. మూడోది బ్లూటూత్, కొత్తగా వచ్చే మెషీన్లలో, ఇళ్లలో కొనుక్కునే వాటిలో ఎక్కువగా ఇదే.

గుర్తుపట్టడం ఎలా అంటే డిస్‌ప్లే అంచున చూడండి, ANT+ అనో బ్లూటూత్ గుర్తో ముద్రించి ఉంటుంది. బ్లూటూత్ గుర్తు కనబడగానే సంబరపడొద్దు. కొన్ని ట్రెడ్‌మిల్‌లలో బ్లూటూత్ ఉండేది పాటలు వినడానికి, ఇంకొన్నింటిలో మీ ఫోన్ యాప్‌కు స్పీడు, దూరం పంపడానికి. హార్ట్ రేట్ తీసుకోవడం దానికి రాకపోవచ్చు. మెషీన్ మెనూలో హార్ట్ రేట్ సెన్సర్‌ను వెతికే ఆప్షన్ ఉంటేనే నేరుగా కలుస్తుందని అర్థం. లేకపోతే చింత లేదు, ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో జ్విఫ్ట్, కైనోమ్యాప్ లాంటి వర్కౌట్ యాప్ తెరిచి వాచీని దానికి కలపండి, హార్ట్ రేట్ అందులో కనబడుతుంది. మన జిమ్‌లలో ఎక్కువగా కుదిరే దారి ఇదే.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఐఫోన్‌లలో ANT+ లేదు, ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా దాదాపు లేనట్టే. మీ పాత వాచీ ANT+ లో మాత్రమే పంపేదైతే ట్రెడ్‌మిల్ మీద రావచ్చు గానీ ఫోన్‌లో రాదు.

కలిపే వరుస

వరుస మారితే పని చెడుతుంది, కాబట్టి ఇదే క్రమంలో చేయండి. వాచీని మణికట్టు ఎముక మీద కాకుండా దానికి ఒక వేలు వెడల్పు పైకి జరిపి, కదలకుండా ఉండేలా కట్టుకోండి. వాచీలో అంకె నిలకడగా వచ్చేదాకా అర నిమిషం ఆగండి, లోపల అంకె లేకపోతే బయటకు పంపడానికి ఏమీ ఉండదు. తర్వాత బ్రాడ్‌కాస్ట్ ఆన్ చేయండి. ఆ తర్వాతే ఫోన్‌లో యాప్ తెరిచి, అందులో సెన్సర్లు జోడించే చోట Heart Rate నొక్కి, వచ్చిన లిస్టులో మీ వాచీ పేరు ఎంచుకోండి.

ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్కడ పెయిర్ చేయొద్దు. ఇయర్‌ఫోన్స్ అలా కలుపుతాం కాబట్టి చెయ్యి అలవాటుగా అటే పోతుంది. హార్ట్ రేట్ సెన్సర్‌ను కలపాల్సింది యాప్ లోపల నుంచే. సెట్టింగ్స్‌లో ఇప్పటికే కలిపి ఉంటే ఆ ఎంట్రీని తీసేయండి, అయితే వాచీ కంపెనీ యాప్ కోసం మొదట్లో చేసిన పెయిరింగ్‌ను తీసేయకండి, అది తీసేస్తే వాచీని మళ్లీ మొదటి నుంచి సెటప్ చేయాల్సి రావచ్చు.

ఆండ్రాయిడ్‌లో పర్మిషన్ దగ్గర కూడా ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌కు Nearby devices పర్మిషన్ ఇవ్వాలి. 11, అంతకు ముందువి అయితే లొకేషన్ పర్మిషన్ ఇవ్వడమే కాదు, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో కూడా ఉండాలి. హార్ట్ రేట్‌కు లొకేషన్ ఎందుకని చాలామంది Deny కొడతారు, అప్పుడు యాప్ ఏ ఎర్రర్ చూపించకుండా వెతుకుతూనే ఉంటుంది. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో Privacy & Security, అందులో Bluetooth తెరిచి, ఆ యాప్ ఎదురుగా స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఇన్ని చేసినా మొదలుకాకపోతే

ఇప్పుడు తప్పు వాచీ వైపా, యాప్ వైపా తేల్చాలి. రెండింటినీ ఒకేసారి కెలికితే ఏది మారిస్తే ఏది బాగైందో తెలియదు. దీనికి ఒక ఉచిత యాప్ ఉంది, పేరు nRF Connect, బ్లూటూత్ చిప్‌లు చేసే నార్డిక్ కంపెనీది. ఫోన్‌లో వేసుకోండి. చూడటానికి ఇంజినీర్ల యాప్‌లా ఉంటుంది గానీ మనకు కావాల్సింది నాలుగైదు నొక్కులే.

స్కాన్ నొక్కితే చుట్టుపక్కల బ్లూటూత్ వస్తువులన్నీ లిస్టులో వస్తాయి. అందులో మీ వాచీ పేరు వెతికి CONNECT నొక్కండి. లోపల Heart Rate అనే సర్వీస్ కనబడాలి, దాని నంబర్ ఎప్పుడూ ఒకటే, `0x180D`. దాన్ని తెరిస్తే Heart Rate Measurement ఉంటుంది, నంబర్ `0x2A37`. దాని పక్కనున్న కింది బాణాల గుర్తు నొక్కితే అంకెలు ఒకదాని తర్వాత ఒకటి రావడం మొదలవుతుంది.

అంకెలు వచ్చాయంటే వాచీ పని వాచీ చేస్తోంది, తప్పు మీ యాప్‌లోనో ట్రెడ్‌మిల్‌లోనో ఉంది. కనెక్ట్ అయింది కానీ Heart Rate సర్వీసే లేదంటే మీరు కలిసింది వాచీ మామూలు కనెక్షన్‌కు, బ్రాడ్‌కాస్ట్ ఆన్ కాలేదు. సర్వీస్ ఉంది, అంకె మాత్రం 0 అనే వస్తోందంటే సెన్సర్ చర్మాన్ని పట్టుకోలేదు, పట్టీ బిగించండి, చెమట తుడవండి. పరీక్ష అయ్యాక తప్పకుండా DISCONNECT నొక్కి బయటకు రండి, లేకపోతే ఈ పరీక్ష యాపే మీ వాచీని పట్టుకుని ఉంటుంది.

ఇక లిస్టులో వాచీ పేరే రాలేదంటే? బ్రాడ్‌కాస్ట్ ఆన్‌లోనే ఉంది, అయినా కనబడటం లేదు. అందరూ తికమక పడేది ఇక్కడే, మా బావమరిదికి జరిగింది కూడా ఇదే.

మా బావమరిది వాచీ ఎక్కడికి పోయింది

వాడు మహబూబ్‌నగర్‌లో ఉంటాడు, పోయిన వేసవిలో పది రోజులు మా ఇంట్లో ఉండి నాతో పాటు జిమ్‌కు వచ్చాడు. మొదటి రోజు జిమ్ ట్యాబ్‌లో యాప్‌కు వాచీ కలిపాం, ఒక్క నిమిషంలో కలిసింది. రెండో రోజు ట్యాబ్ ఇంకెవరో వాడుతున్నారని తన ఫోన్‌లోనే యాప్ వేసుకున్నాడు. వాచీలో బ్రాడ్‌కాస్ట్ ఆన్, అంకె 96. ఫోన్‌లో వెతికితే లిస్టు ఖాళీ. ఫోన్ రీస్టార్ట్ చేశాడు, వాచీ రీస్టార్ట్ చేశాడు, యాప్ తీసేసి మళ్లీ వేశాడు. ఇరవై నిమిషాలు పోయాయి. "బావా, నిన్న మంచిగనే వచ్చింది గదా, ఒక్క రాత్రిలో ఏమైంది దీనికి" అని ఒకటే టెన్షన్.

నా ఫోన్‌లో nRF Connect పెట్టి చూశాను, నాకూ కనబడలేదు. అప్పుడు వాడిని వాచీతో సహా బయట రోడ్డు మీదికి తీసుకెళ్లాను, జిమ్ నుంచి ఒక యాభై అడుగులు నడిచాం. నా ఫోన్‌లో వాచీ పేరు టక్కున వచ్చింది. తిరిగి లోపలికి వచ్చాక బ్రాడ్‌కాస్ట్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ మాయం.

జిమ్ అన్నను అడిగితే ఆయనకు వెంటనే గుర్తొచ్చింది. "నిన్న మన ట్యాబ్‌లనే పెట్టినం గదా తమ్మీ, అది యాప్ ఓపెన్ ఉంటే దానంతట అదే పట్టుకుంటది" అన్నాడు. ట్యాబ్ పక్క ట్రెడ్‌మిల్ మీద ఉంది, ఇంకో ఆయన వాడుతున్నాడు, ఆ తెర మీద నడుస్తున్న హార్ట్ రేట్ మా బావమరిదిది. ఆయనకు వాచీయే లేదు.

ఇందులో జరిగింది ఏమిటంటే, బ్లూటూత్‌లో చాలా వాచీలు హార్ట్ రేట్‌ను ఒకసారికి ఒక్కరికే ఇస్తాయి. ఎవరూ కలవనంతసేపు పేరు చెప్తూ పిలుస్తుంటాయి, ఒకరు కలవగానే పిలవడం ఆపేస్తాయి. అందుకే రెండోవాళ్లకు "కనెక్ట్ కాలేదు" అని రాదు, అసలు వాచీ లేనట్టే ఉంటుంది. యాప్‌లు నిన్నటి సెన్సర్‌ను గుర్తుపెట్టుకుని, అది వినబడిన మరుక్షణం తామే కలిసిపోతాయి. మీరు ఫోన్ తీసి వెతికేలోపే ట్యాబ్ పట్టేసుకుంటుంది. ANT+ లో ఈ బాధ లేదు, అది రేడియోలా ఎంతమంది విన్నా వినిపిస్తుంది.

ట్యాబ్ యాప్‌లో ఆ సెన్సర్‌ను Forget చేశాం. వాచీలో బ్రాడ్‌కాస్ట్ ఆపి మళ్లీ మొదలుపెట్టాం. ఫోన్‌లో ఐదు సెకన్లలో వచ్చింది.

మీకు ఇలా అయితే మొదట వెతకాల్సింది మీ సొంత ఫోన్‌లోనే. బ్యాక్‌గ్రౌండ్‌లో స్ట్రావా లాంటిది ఇంకో యాప్ నడుస్తుంటే, దానికి ఇదివరకు ఇదే వాచీని సెన్సర్‌గా కలిపి ఉంటే, అదే పట్టుకుని ఉండొచ్చు. దాన్ని పూర్తిగా మూసేయండి, తెర మీద నుంచి పక్కకు జరిపితే చాలదు, ఆండ్రాయిడ్‌లో అయితే Force stop చేయండి. తర్వాత ఇంట్లో ఉన్న ట్యాబ్, ల్యాప్‌టాప్. ఆ తర్వాత జిమ్‌లోవి. ఎవరో తెలియకపోతే మేం చేసినట్టు బయటికి నడవండి. అక్కడ కనబడి లోపల కనబడకపోతే పట్టుకున్నది లోపలే ఉంది. ఎక్కడికి వెళ్లినా కనబడలేదంటే మీ జేబులో ఫోన్‌నే మళ్లీ అనుమానించండి, దాని బ్లూటూత్ ఆఫ్ చేసి వేరేవాళ్ల ఫోన్‌తో చూడండి.

కలిసింది, కానీ అంకె మీదేనా

సాయంత్రం ఆరున్నరకు జిమ్‌లో పది మంది ఉంటే అందులో నలుగురికి వాచీలు ఉంటాయి, ఇద్దరికి ఒకే కంపెనీవి. లిస్టులో ఒకేలాంటి పేర్లు రెండు వస్తే తొందరపడి పైదాన్ని నొక్కొద్దు. మీ వాచీలో బ్రాడ్‌కాస్ట్ ఆపి చూడండి, లిస్టును రిఫ్రెష్ చేసినప్పుడు ఏ పేరు పోయిందో అదే మీది. ANT+ ట్రెడ్‌మిల్ అయితే మరీ జాగ్రత్త, పక్కవాళ్ల సిగ్నల్ కూడా దానికి వినబడుతుంది.

ఇది చిన్న విషయం కాదు. కొన్ని ట్రెడ్‌మిల్‌లలో హార్ట్ రేట్‌ను బట్టి స్పీడు, ఎత్తు తనంతట తనే మార్చే ప్రోగ్రాం ఉంటుంది. మీరు 130 దగ్గర ఉంచమని పెట్టారనుకోండి, మెషీన్ వింటున్నది పక్కన కూర్చుని సేదతీరుతున్న ఆయన 85 అయితే, ఇంకా చాల్లేదనుకుని మీకు స్పీడు పెంచుతూ పోతుంది. అందుకే ఆ ప్రోగ్రాం మొదలుపెట్టే ముందు ఒక నిమిషం మామూలుగా నడిచి, వాచీలో అంకె, తెర మీద అంకె పక్కపక్కన పెట్టి చూడండి. రెండు మూడు సెకన్లు వెనకబడి వస్తే పర్వాలేదు, కానీ కదలిక ఒకేలా ఉండాలి, ఇక్కడ పెరిగితే అక్కడా పెరగాలి.

రెండూ కలిసే నడుస్తున్నాయి, అయినా మామూలుగా పరిగెత్తుతుంటేనే 170 చూపిస్తోందంటే అది బ్రాడ్‌కాస్ట్ తప్పు కాదు. వాచీ కింద ఉన్న ఆకుపచ్చ లైటు రక్తం కదలికను చూసి లెక్కపెడుతుంది, పట్టీ వదులుగా ఉంటే చెయ్యి ఊపును గుండె అనుకుంటుంది, నిమిషానికి మీరు వేసే అడుగుల సంఖ్యే హార్ట్ రేట్‌గా వస్తుంది. పట్టీ బిగించి చూడండి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నడిచేవాళ్లకు కూడా మణికట్టు దగ్గర అంకె తప్పుతుంది. అప్పటికీ సరికాకపోతే ఛాతీ బెల్టే నమ్మకమైనది.

మధ్యమధ్యలో తెగిపోతుంటే ఫోన్ ఎక్కడ పెట్టారో చూడండి. ఈ సిగ్నల్‌కు మనిషి ఒళ్లే పెద్ద అడ్డు. ఎడమ చేతికి వాచీ, ఫోన్ కుడివైపు వెనక జేబులో ఉంటే తెగుతుంది, ఫోన్‌ను ట్రెడ్‌మిల్ మీద ముందు పెట్టుకోండి.

వర్కౌట్ అయిపోయాక వాచీలో బ్రాడ్‌కాస్ట్ ఆపండి. జిమ్ ట్యాబ్ వాడి ఉంటే, దిగే ముందు అందులో సెన్సర్ల లిస్టు తెరిచి మీ వాచీ పేరును తీసేసి రండి.